కోర్టులో బోర్లా పడి ఏడుస్తున్నది గెలిచినమ్మాయా, ఓడినమ్మాయా?

ప్రశ్న: మా జిల్లా బ్యాడ్మింటన్ సంఘం పేజీకి, ఏడాదికోసారి వేసే సంచికకి ఫొటోల కింద రెండు మూడు వాక్యాలు రాసే పని నాకు అప్పగించారు. ఏం రాసినా మా సెక్రటరీగారు "ఇది ఫొటోలో కనిపిస్తూనే ఉంది కదయ్యా" అంటున్నారు. అందరి పేర్లూ రాస్తే చాంతాడంత అవుతోంది, రాయకపోతే గొడవ. అసలు ఏం రాయాలి, ఏం వదిలేయాలి?

జవాబు:

మీ సెక్రటరీగారు చెప్పింది సగం నిజం. నేను ఇరవై ఏళ్లకు పైగా పేపర్ డెస్కులో ఫొటోలకు రైటప్‌లు రాశాను, అందులో చాలా ఏళ్లు స్పోర్ట్స్ పేజీలోనే. మీదీ బ్యాడ్మింటనే కాబట్టి ఆ ఆటలోంచే ఒక ఫొటో తీసుకుని చెబుతాను, మీకు సులువుగా ఉంటుంది.

2016 రియో ఒలింపిక్స్ మహిళల సింగిల్స్ ఫైనల్ గుర్తుందిగా? చివరి పాయింట్ అయిపోగానే కరోలినా మారిన్ కోర్టు మీద పడిపోయి వెక్కివెక్కి ఏడ్చింది. మన సింధు నెట్ అవతలి వైపుకి వెళ్లి ఆమెను లేపి హత్తుకుంది. ఇప్పుడు ఆ మ్యాచ్ చూడని మనిషి ముందు ఆ క్షణం తాలూకు ఫొటో పెట్టండి. ఒకమ్మాయి నేల మీద పడి ఏడుస్తోంది, ఇంకో అమ్మాయి ఆమె దగ్గర నిలబడి ఉంది. ఎవరు గెలిచారు అని అడిగితే పదిలో తొమ్మిది మంది నిలబడ్డ అమ్మాయే అంటారు. నిజానికి గెలిచింది నేల మీద ఉన్న అమ్మాయి. ఫొటో అబద్ధం చెప్పలేదు, కానీ దానంతట అది నిజమూ చెప్పలేకపోయింది. ఆ మిగిలిపోయిన ముక్క చెప్పడమే కింద రాసే నాలుగు మాటల పని.

ఇక ఈ ఫొటోకి కొత్తగా చేరిన కుర్రాడెవరైనా చటుక్కున రాసేది ఇలా ఉంటుంది: "కన్నీరు పెడుతున్న మారిన్‌ను ఓదారుస్తున్న సింధు". చదవడానికి బాగానే ఉంటుంది, కానీ ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది మీ సెక్రటరీగారు పట్టుకునేదే, కన్నీరు కనిపిస్తూనే ఉంది కాబట్టి ఆ మాటకు ఖర్చయిన చోటు దండగ. రెండోది అంతకంటే పెద్దది. "ఓదార్చడం" అంటే ఏడుపు బాధతో వచ్చిందని మనం తేల్చేసినట్టు, అంటే పాఠకుడికి మారిన్ ఓడిందని చెప్పేసినట్టే. ఒక్క క్రియ ఫలితాన్ని తలకిందులు చేసింది. ఫొటోలో మనిషి మనసులో ఏముందో చెప్పే మాట రాయబోతున్నప్పుడు ఒక్కసారి ఆగండి. "ఆవేదనతో", "ఆనందంలో మునిగిపోయి", "ఉద్వేగానికి లోనై" లాంటివన్నీ మనం ఊహించి రాసేవే. ఆ మనిషే మనతో చెబితే తప్ప అవి మనకు తెలిసే అవకాశం లేదు.

నేనైతే ఇలా రాస్తాను:

"రియో ఒలింపిక్స్ మహిళల సింగిల్స్ ఫైనల్ గెలిచి కోర్టుపైనే పడిపోయిన స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ దగ్గరికి వచ్చిన పి.వి.సింధు. 2016 ఆగస్టు 19న జరిగిన ఈ మ్యాచ్‌లో మారిన్ 19-21, 21-12, 21-15తో నెగ్గింది. ఓడినా సింధు ఒలింపిక్స్‌లో రజతం అందుకున్న తొలి భారతీయ మహిళ అయింది."

ఏడుపు అన్న మాట లేదు, ఓదార్పు లేదు. కానీ ఇది చదివి మళ్లీ పైకి చూస్తే ఫొటో ఇందాకటిలా కనిపించదు, నేల మీద ఉన్న అమ్మాయి గెలిచి ఏడుస్తోంది. తొలి గేమ్ పోగొట్టుకుని మరీ నెగ్గిందని స్కోరు చెబుతోంది, ఆ పడిపోవడం ఎందుకో పాఠకుడికే తడుతుంది. మనం వివరించనక్కర్లేదు. నేను డెస్కులో పిల్లలకు చెప్పే లెక్క ఇదొక్కటే: రైటప్ చదివాక చూపు మళ్లీ ఫొటో మీదకు వెళ్లాలి. వెళ్లలేదంటే మనం కనిపించేదే రాశామన్నమాట.

సరే, ఇప్పుడు ఆ మూడు వాక్యాలు ఎలా కుదిరాయో చూడండి. మన తెలుగు పేపర్లలో ఫొటో కింద మొదటి ముక్క సాధారణంగా పూర్తి వాక్యం కాదు, "మొక్క నాటుతున్న కలెక్టర్", "జ్యోతి వెలిగిస్తున్న ముఖ్య అతిథి" అన్నట్టు మనిషి పేరుతో ఆగిపోతుంది. ఇది మంచి పద్ధతే. "-తున్న" అనగానే కెమెరా క్లిక్‌మన్న ఆ ఒక్క క్షణానికి అది అతుక్కుంటుంది. పాఠకుడి చూపు చివర ఉన్న పేరు దగ్గర ఆగి, అక్కడి నుంచి మొహం దగ్గరికి పోతుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, మిగతా సమాచారమంతా ఆ పేరుకి ముందే కుక్కేసినప్పుడు. "ఇటీవల రాష్ట్ర స్థాయి పోటీల్లో ప్రతిభ కనబరచి జాతీయ స్థాయికి ఎంపికైన నేపథ్యంలో సంఘం ఆధ్వర్యంలో ఆదివారం ఏర్పాటు చేసిన అభినందన సభలో జ్ఞాపిక అందుకుంటున్న..." ఇలా పోతూ పోతూ పేరు వచ్చేసరికి పాఠకుడు పక్క ఫొటోకి వెళ్లిపోతాడు. అందుకని మొదటి ముక్కలో ఆ క్షణం, అందులో ఉన్న మనుషులు మాత్రమే ఉంచండి. చుక్క పెట్టండి. తర్వాత జరిగిపోయిన సంగతిని మామూలు పూర్తి వాక్యంలో, "నెగ్గింది", "ఎంపికైంది" అని భూతకాలంలో చెప్పండి. క్షణం ఒక చోట, దాని వెనక కథ ఇంకో చోట. ఈ గీత గీసుకుంటే మీ సమస్యలో సగం అక్కడే తీరిపోతుంది.

క్షణం విషయంలో నిజాయతీ కూడా కావాలి. రిబ్బన్ కత్తిరించేశాక, అందరూ కెమెరా వైపు తిరిగి నవ్వుతుంటే "కోర్టును ప్రారంభిస్తున్న" అని రాస్తాం మనం, చేతిలో కత్తెర కూడా ఉండదు. ఫొటోలో అది జరగట్లేదు కదా. "కొత్త కోర్టు ప్రారంభోత్సవంలో" అని రాస్తే సరిపోతుంది. అలాగే ట్రోఫీ ఇచ్చింది మైకు దగ్గర, ఫొటోగ్రాఫర్ అప్పటికి రాలేదని మళ్లీ ఇప్పించి తీస్తే, దాన్ని "గెలిచిన వెంటనే" అని రాయకండి. మళ్లీ ఇప్పించడం తప్పేం కాదు, మన సభల్లో మామూలే, కానీ లేని క్షణాన్ని పుట్టించకూడదు.

ఇప్పుడు కాలం. పేపర్లో "ఆదివారం" అంటే చాలు, రేపటికి ఆ కాగితంలో మిరపకాయ బజ్జీలు కట్టేస్తారు. మీ పేజీలో, మీ సంచికలో ఫొటో ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి తేదీ, నెల, సంవత్సరం రాయాల్సిందే. ఎందుకంటున్నానో మళ్లీ మారిన్ సంగతితోనే చెబుతాను. 2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో ఆమె చైనా అమ్మాయి హె బింగ్జియావో మీద తొలి గేమ్ 21-14తో గెలిచి, రెండో గేమ్‌లోనూ ముందంజలో ఉండగా మోకాలికి గాయమై కోర్టులో పడిపోయింది. కాసేపటికి పట్టీ వేసుకుని వచ్చి ప్రయత్నించినా ఆడలేక తప్పుకుంది, ఏడ్చింది. అంటే ఒకే క్రీడాకారిణి ఒలింపిక్ కోర్టు మీద పడి ఏడుస్తున్న ఫొటోలు రెండున్నాయి. ఒకటి జీవితంలో అతిపెద్ద గెలుపుది, ఇంకొకటి బహుశా అతి పెద్ద దెబ్బది. ఎవరైనా హడావుడిలో గాయం వార్తకి రియో ఫొటో పెట్టి, కింద ఏడాది రాయకుండా "కోర్టులో కుప్పకూలిన మారిన్" అని వదిలేస్తే? అక్షరం అక్షరం నిజమే, మొత్తంగా పచ్చి అబద్ధం. పాత ఫొటో వాడితే "పాత చిత్రం" అని, ఏ ఏడాదిదో కలిపి రాయండి.

అదే పారిస్‌లో ఇంకో ఫొటో ఉంది, నేపథ్యం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను అదే చూపిస్తాను. మారిన్ తప్పుకోవడంతో ఫైనల్‌కి చేరిన హె బింగ్జియావో, మర్నాడు దక్షిణ కొరియా క్రీడాకారిణి ఆన్ సె యంగ్ చేతిలో ఓడి రజతం అందుకుంది. పోడియం మీద ఫొటో దిగేటప్పుడు ఆమె వేళ్ల మధ్య ఒక చిన్న పిన్ను పట్టుకుని ఉంది, స్పెయిన్ జట్టు పిన్ను. ఫొటో మామూలుగా చూస్తే మెడలో పతకం కనిపిస్తుంది, నవ్వు కనిపిస్తుంది, పిన్ను కనిపించినా అదేంటో తెలియదు. "రజత పతకంతో హె బింగ్జియావో" అని రాస్తే కనిపించేదే రాసినట్టు. "పోడియంపై స్పెయిన్ జట్టు పిన్ను చూపుతున్న చైనా క్రీడాకారిణి హె బింగ్జియావో. సెమీఫైనల్లో తనపై ఆధిక్యంలో ఉండి గాయంతో తప్పుకున్న మారిన్ దేశం స్పెయిన్" అంటే ఇక ఆ ఫొటోలో జనం పతకం వైపు చూడరు, వేళ్ల వైపు చూస్తారు. అక్కడ కూడా "మానవత్వం చాటిన", "క్రీడాస్ఫూర్తికి నిలువుటద్దం" అని తగిలించాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. పిన్ను చాలు.

"కనిపించేది రాయకూడదు" అన్న మాటని మరీ పట్టుకు వేలాడకండి, అది కూడా చెప్పాలి. పిన్ను ఫొటోలో కనిపించేదే కదా, అయినా రాశాం. కంటికి కనిపించీ అర్థం కానిది, చిన్నగా ఓ మూల ఉండి తప్పిపోయేది, తప్పుగా అర్థమయ్యేది రాయాల్సిందే. చీర రంగు, చప్పట్లు, చిరునవ్వు, పూలదండ మాత్రం పాఠకుడికే వదిలేయండి.

ఇప్పుడు మీకు గొడవ తెచ్చే పేర్ల దగ్గరికి వద్దాం. మన దగ్గర పేర్ల జాబితా మొహాలను బట్టి కాకుండా హోదాలను బట్టి తయారవుతుంది. ట్రోఫీ అందుకుంటున్న పిల్ల ఫొటో మధ్యలో ఉంటుంది, కింద చూస్తే అతిథి పేరు, అధ్యక్షుడి పేరు, కోశాధికారి పేరు, చివరికి ఆ పిల్ల "క్రీడాకారిణి" లేదా "తదితరులు". ఇదొక్కటి మాత్రం నాకు ఒళ్లు మండే విషయం. అసలు ఫొటో తీసిందే ఆ పిల్ల గెలిచిందని కదండీ! నా లెక్క ఏంటంటే, మొహం స్పష్టంగా కనిపిస్తూ, ఆ పనిలో పాలుపంచుకుంటున్న ప్రతి ఒక్కరికీ పేరు ఉండాలి. వెనక వరసలో సగం చెవి కనిపించేవాళ్లకు అక్కర్లేదు. ముందు వరసలో నిలబడి, పేరు రాయడానికి కారణం లేని మనిషి ఉంటే ఫొటోని ఆ మేరకు కత్తిరించండి, అంతేగానీ మొహం ఉంచి పేరు ఎగ్గొట్టకండి. పదిమంది దాటిన గ్రూప్ ఫొటోలో వరసల వారీగా ఇవ్వండి: "కూర్చున్నవారు ఎడమ నుంచి", "నిల్చున్నవారు ఎడమ నుంచి". ఎడమ అంటే చూసేవాళ్ల ఎడమ. ఇద్దరే ఉండి, ఒకరు ఇస్తూ ఒకరు పుచ్చుకుంటుంటే ఎడమ కుడి అవసరమే లేదు, చేసే పనే ఎవరెవరో చెప్పేస్తుంది.

మీ పేజీలో ఉండే రకం ఫొటో ఒకటి వేసి చూద్దాం. పేర్ల చోట మీ పేర్లు పెట్టుకోండి. మామూలుగా రాసేది: "విజేతకు ట్రోఫీ అందజేస్తున్న జిల్లా క్రీడాధికారి ఫలానా, చిత్రంలో సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి తదితరులు". మార్చి రాస్తే: "అండర్-15 బాలికల సింగిల్స్ విజేత ఫలానాకు ట్రోఫీ అందజేస్తున్న జిల్లా క్రీడాధికారి ఫలానా. మూడో గేమ్‌లో 14-19తో వెనకబడిన దశ నుంచి ఆమె వరుసగా ఏడు పాయింట్లు గెలిచింది." దీనికి తేదీ, ఊరు కలిపితే అయిపోయింది. రెండోది మొదటిదానికంటే పొడవే, కానీ ఆ ఏడు పాయింట్ల సంగతి ఫొటోలో ఎంత వెతికినా దొరకదు. అది స్కోరు షీటులో ఉంటుంది, లేదా అంపైర్‌ని అడిగితే చెబుతాడు. అంటే రైటప్ కష్టం రాసేటప్పుడు కాదు, హాల్లో ఉన్నప్పుడే పడాలి.

హోదాలతో ఇంకో చిక్కు, ఇది తెలుగులో బాగా వస్తుంది. "సంఘం కార్యదర్శి, కోచ్ ఫలానా" అని రాస్తే అది ఒక మనిషా, ఇద్దరా? ఒకే మనిషి అయితే "సంఘం కార్యదర్శి, కోచ్ కూడా అయిన ఫలానా" అనండి, లేదంటే ఒక హోదా తీసేయండి. ఒక కామాకి ఒక మనిషి అన్న నియమం పెట్టుకుంటే మొహాలూ పేర్లూ లెక్క సరిపోతాయి. "గారు" సంగతి మీ సంఘం అలవాటు, పెడితే అందరికీ పెట్టండి, పదమూడేళ్ల పిల్లకు తప్ప.

పేర్లు తప్పుపోయేది మాత్రం చాలాసార్లు రాసేవాడి వల్ల కాదు. నా అనుభవం ఒకటి చెబుతాను. అప్పట్లో నేను పనిచేసిన పేపర్లో ఒక పదవీ విరమణ సన్మానం ఫొటో, ఐదుగురు, పేర్లు ఎడమ నుంచి పక్కాగా రాసిచ్చాను. పేజీ పెట్టే అతను రెండు కాలమ్‌లలో ఇమడటం లేదని ఎడమ చివర మనిషిని కత్తిరించాడు. రైటప్ అలాగే ఉంది. పొద్దున్నే చూస్తే నలుగురికీ పక్కవాళ్ల పేర్లు! రిటైరైన పెద్దాయన పేరు, ఆయనంటే పడని ఆఫీసర్ మొహానికి వచ్చింది. ఫోన్లు మధ్యాహ్నం దాకా ఆగలేదు. నేను రాసింది సరిగ్గానే ఉందని ఎవరికి చెబుతాం? ఆ రోజు నుంచి ఫొటో కత్తిరించాక, పోస్టు చేసే ముందు, ఒక్కో మొహం మీద వేలు పెట్టి పేరు పైకి చదవడం అలవాటు చేసుకున్నాను. పిచ్చివాడిలా ఉంటుంది, పర్లేదు. మీ పేజీలో ఇంకో ప్రమాదం ఉంది, ఫోన్లో సెల్ఫీ కెమెరాతో తీసినవి కొన్నిసార్లు అద్దంలోలా తిరగబడి ఉంటాయి, అప్పుడు ఎడమవాళ్లు కుడికి పోతారు. వెనక బ్యానర్ మీద అక్షరాలు తిరగబడ్డాయా చూడండి. బ్యానర్ లేకపోతే చొక్కా జేబులు చూడండి, సాధారణంగా వేసుకున్న మనిషి ఎడమ రొమ్ము మీద ఉంటాయి. చీర పైటలు కూడా ఎక్కువగా ఎడమ భుజం మీదే. అందరికీ అవి వాళ్ల కుడివైపున, అంటే చూసే మనకు ఎడమవైపున కనిపిస్తే ఫొటో తిరగబడిందన్నమాటే.

పేర్లు అక్కడికక్కడే తీసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచంలో ఒక పెద్ద ఉదాహరణే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1945 ఫిబ్రవరి 23న జపాన్‌కు చెందిన ఇవో జీమా దీవిలో సురిబాచి కొండ మీద అమెరికా సైనికులు జెండా నిలబెడుతున్న ఫొటో, అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్ జో రోసెంతాల్ తీసింది, మీరు చూసే ఉంటారు. ఆరుగురున్నారు, మొహాలు దాదాపు కనిపించవు, ఆయన పేర్లు తీసుకోలేదు. తర్వాత సైన్యం పేర్లు ప్రకటించింది. 1947లో ఒక పేరు మార్చారు. 2016లో ఇంకో పేరు మార్చారు, 2019లో మరొకటి. అంటే ఆరింట్లో మూడు పేర్లు తప్పు, చివరిది సరిచేసేసరికి డెబ్భై నాలుగేళ్లు. క్షణం విషయంలోనూ జనం పొరపడతారు. అది ఆ రోజు ఎగరేసిన మొదటి జెండా కాదు, చిన్న జెండా తీసి పెద్దది పెట్టిన రెండోసారి. చూస్తే యుద్ధం గెలిచేసినట్టు ఉంటుంది గానీ ఆ దీవిలో పోరు మార్చి 26 దాకా సాగింది, జెండా ఎత్తిన ఆరుగురిలో ముగ్గురు ఆ దీవిలోనే చనిపోయారు. ఇందులో ఏ ఒక్కటీ ఫొటోలో కనిపించదు.

మన స్థాయిలో చేయాల్సింది తేలికే. ఫొటో తీసిన వెంటనే, మనుషులు కదలకముందే, ఫోన్లో రికార్డర్ నొక్కి ఎడమ నుంచి ఒక్కొక్కరిని పేరు, ఇంటిపేరు చెప్పమనండి. పిల్లలైతే పేరు ఎలా రాస్తారో ఎంట్రీ ఫారంలో చూసి సరిపోల్చుకోండి, సాయి ఒకరికి పేరు ముందుంటుంది, ఇంకొకరికి వెనకుంటుంది, తల్లిదండ్రులకు ఆ తేడా చాలా పెద్దది. ఎవరి పేరైనా దొరక్కపోతే ఊహించి రాయకండి, ఆ ఒక్క ఫొటో మర్నాడు పెట్టండి. ఇంకొకటి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో లోపల దాచిన వివరాలు పోతాయి, అందుకని రైటప్‌ని ఫొటో వెంటే మెసేజ్‌గా పంపండి, లేకపోతే సంచిక వేసే నాటికి ఏ ఫొటో ఎవరిదో మీకే గుర్తుండదు.

పొడవు ఎంత అంటారా, నేను ముప్పై, నలభై మాటలు దాటనివ్వను, గ్రూప్ ఫొటోలకు మినహాయింపు. ఎక్కువైందనిపిస్తే ముందు విశేషణాలు తీసేయండి, "ఘనంగా", "అట్టహాసంగా", "చిత్రంలో చూడవచ్చు" లాంటివి. పేరు, స్కోరు, తేదీ మాత్రం ఆఖరున కూడా ముట్టుకోకండి.

మీరు ఈ మధ్య రాసినవి ఒకటి రెండు ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి పెట్టినా పర్లేదు. మీ సెక్రటరీగారు కొట్టేసినవే పెట్టండి, ఎక్కడ కత్తిరించాలో చూద్దాం.